నీలం ఫ్యూజు స్థానంలో ఆకుపచ్చది పెడితే

కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టిన ఫోన్ ఛార్జర్ నిన్నటిదాకా బాగానే పనిచేసి, ఇవాళ దీపం కూడా వెలగకపోతే ముందు ఛార్జర్‌నే ఇంకో కారులో పెట్టి చూడండి. అక్కడ పనిచేస్తే తప్పు సాకెట్ వైపు ఉన్నట్టు. చాలా కార్లలో తాళంచెవి ఒక మెట్టు తిప్పితే తప్ప ఈ సాకెట్‌కు కరెంటు రాదు కాబట్టి అదీ సరిచూసుకోవాలి. తర్వాత తాళం తీసేసి టార్చితో సాకెట్ లోపలికి చూడండి. సాకెట్ అడుగున ఉండే బొడిపె ప్లస్, చుట్టూ ఉన్న లోహపు గోడ మైనస్. ఒక నాణెం జారిపడి ఆ రెంటినీ కలిపితే చాలు, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఛార్జర్ మొనలోని స్ప్రింగ్ ముక్క విరిగి లోపల ఉండిపోవడం కూడా మామూలే.

ఫ్యూజు పెట్టె సాధారణంగా స్టీరింగ్ కింద గానీ, ఎడమవైపు డాష్‌బోర్డు అర వెనక గానీ ఉంటుంది. ఇంజన్ దగ్గర మరొకటి ఉండొచ్చు. ఏ గడి దేనికో మూత లోపలి బొమ్మలోనో, కారు మాన్యువల్‌లోనో ఉంటుంది. సిగార్, లైటర్, పవర్ అవుట్‌లెట్ లాంటి పేర్ల కోసం వెతకండి. కొన్ని కార్లలో రేడియో, అద్దాల మోటారు కూడా ఇదే ఫ్యూజు మీద నడుస్తాయి. అవి కూడా ఆగిపోయి ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే.

ఫ్యూజును బయటికి తీయకుండానే పరీక్షించవచ్చు. దాని నెత్తిన రెండు చిన్న రంధ్రాల్లో లోహం కనిపిస్తుంది. తాళం తిప్పి ఉంచి, మల్టీమీటర్ నల్లతీగను కారు బాడీకి ఆనించి, ఎర్రతీగతో రెండు రంధ్రాలనూ తాకండి. రెండు చోట్లా 12 వోల్టులు ఉంటే ఫ్యూజు బాగున్నట్టు. ఒక వైపు 12, రెండో వైపు సున్నా అయితే పోయినట్టు. రెండూ సున్నా అయితే ఫ్యూజుదాకా కరెంటే రావడం లేదు, తప్పు ఇంకా పైన ఉంది. కంటితో చూసి తేల్చడం అంత నమ్మకం కాదు, వెంట్రుకంత పగులు ప్లాస్టిక్ లోంచి కనపడదు.

తాళం తీసేశాక, పెట్టెలోనే ఉండే చిన్న పట్టకారుతో ఫ్యూజును లాగండి. దాన్ని పారేయకుండా ఒకసారి పరిశీలించడం మంచిది. లోపలి తీగ మధ్యలో చిన్నగా కరిగి తెగితే కాస్త ఎక్కువ భారం చాలాసేపు మోసిందని అర్థం. ప్లాస్టిక్ లోపల నల్లగా మసిబారి, లోహపు తుంపరలు అంటి ఉంటే అది షార్ట్ సర్క్యూట్.

ఇప్పుడు కొత్తది. ఈ సాకెట్లకు ఎక్కువగా 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. పాత ఫ్యూజు మీద అంకెను మాత్రమే నమ్మకండి, ఇంతకుముందు ఎవరో తప్పుది పెట్టి ఉండొచ్చు. మూతమీది అంకెతో పోల్చి చూడండి.

చేతిలో ఆకుపచ్చ 30 మాత్రమే ఉందనుకుందాం. 15 ఫ్యూజు కాపాడేది ఛార్జర్‌ను కాదు, డాష్‌బోర్డు వెనక, తివాచీ కింద పరిచిన తీగను. లెక్క చూద్దాం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.018 ఓమ్‌ల నిరోధం. 15 ఆంపియర్లు పారితే మీటరుకు 4 వాట్ల వేడి. 30 పారితే 16 వాట్లు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. తీగల కట్టలో ఆ వేడి బయటికి పోయే దారి లేదు.

నిజానికి పూర్తి షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారి 30 ఫ్యూజు కూడా చిటికెలో తెగుతుంది. ప్రమాదం మధ్యస్థాయిలో ఉంది. సాకెట్‌కు మూడు దారుల అడాప్టర్ పెట్టి, టైరుకు గాలి కొట్టే పంపు ఒకటి, ఛార్జర్ ఒకటి, చిన్న ఇన్వర్టర్ ఒకటి తగిలించారు. మొత్తం 25 ఆంపియర్లు. 15 ఫ్యూజు దీన్ని కొన్ని సెకన్ల నుంచి నిమిషంలోపు తెంపేస్తుంది. 30 ఫ్యూజుకు అది మామూలు భారం, గంటలైనా తెగదు. ఈలోగా తీగ తొడుగు మెత్తబడి పక్క తీగకు అంటుకుంటుంది, లేదా సాకెట్ వెనక కనెక్టర్ కరుగుతుంది. కాలిన ప్లాస్టిక్ వాసనే మొదటి గుర్తు, అప్పటికే ఆలస్యం. రేకు చుట్టి పెట్టడం ఇంకా ఘోరం, దానికి హద్దే ఉండదు.

తక్కువ రేటింగుది, అంటే 10, పెడితే ప్రమాదం లేదు, ఊరికే తెగుతుంటుంది. అంతవరకు ఫోన్ ఛార్జర్‌ ఒక్కదానికే వాడుకోవచ్చు. ఫ్యూజుల్లో పెద్దవి, మినీలు, పొట్టి మినీలు అని పరిమాణాలు వేరు. పాతదాన్ని పక్కన పెట్టి పోల్చే కొనాలి.

సాకెట్‌లో ఏమీ పెట్టకుండా సరైన ఫ్యూజు పెట్టి తాళం తిప్పండి. అప్పుడే తెగిపోతే రెండోది వేయకండి, తీగలోనో సాకెట్‌లోనో షార్ట్ ఉంది, ఎలక్ట్రీషియన్ పని. నిలబడితే ఛార్జర్ పెట్టండి. పెట్టగానే తెగితే నేరం ఛార్జర్‌ది.