పుర్రె ఊరు చెబుతుందా?

గుత్తి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్క కాలువలో ఒక అస్థిపంజరం దొరికిందనుకుందాం. శవ పంచనామా ముగిశాక ఎముకలు ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగానికి చేరతాయి. ఇవి మనిషివేనా, ఆడా మగా, వయసెంత, ఎత్తెంత అని అడిగాక ఎస్‌ఐ తప్పక అడిగే మరో ప్రశ్న ఉంటుంది: "ఈ పక్కోడేనా సార్, ఉత్తరాది నుంచి వచ్చినోడా?" రైళ్లు, లారీలు, రాతి పాలిష్ యూనిట్లు ఎక్కడెక్కడి మనుషులనో తెచ్చే ప్రాంతంలో ఇది సహజమైన ప్రశ్న. దీనికి ఎముకల నుంచి జవాబు రాబట్టే పద్ధతి ఎలా పుట్టిందో, శాస్త్రవేత్తలే దాన్ని ఎందుకు తప్పుపడుతున్నారో చూడాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

మన వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదివే కపాల సూచిక ఈ పద్ధతులలో పాతది. కనుబొమ్మల మధ్య ఉబ్బు నుంచి తల వెనుక అత్యంత దూరంగా ఉన్న చోటి వరకు కాలిపర్‌తో పొడవు తీసి, తల అత్యధిక వెడల్పును ఆ పొడవుతో భాగించి నూరుతో గుణిస్తారు. మన పుర్రె పొడవు 182 మిల్లీమీటర్లు, వెడల్పు 132 అయితే సూచిక సుమారు 72.5 వస్తుంది. అంటే అది 'పొడవు తల'. పాఠ్యపుస్తకాల పట్టికలో ఈ గడికి ఎదురుగా ఆర్యులు, ఆదిమవాసులు, నీగ్రోలు అని మూడు పేర్లూ ఒకేచోట కనిపిస్తాయి. దర్యాప్తు అధికారికి ఈ జవాబు ఎందుకూ పనికిరాదు.

ఈ సూచికను 1840లలో స్వీడన్ శరీరశాస్త్రవేత్త ఆండర్స్ రెట్జియస్ ప్రవేశపెట్టాడు. దీని వెంటే వచ్చిన ముక్కు కొలతను పట్టుకుని, సామాజిక హోదా పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుందని 1891లో బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ రిస్లీ వాదించాడు. దత్తమండలాలు కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలో మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ కాలిపర్లు పట్టుకుని కులాలవారీగా తలలూ ముక్కులూ కొలిపించాడు. ముందు గడులు గీసుకుని, తర్వాత మనుషులను వాటిలో కూర్చోబెట్టిన పని అది. వలస వచ్చినవారికి అమెరికాలో పుట్టిన పిల్లల తల ఆకారం తల్లిదండ్రుల తలకు భిన్నంగా ఉంటోందని మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ 1910 ప్రాంతంలో చూపించాడు. ఆ తేడా ఎంత పెద్దదన్న వాదన ఈ శతాబ్దంలోనూ సాగింది.

అమెరికాలో ఈ కొలతలు గణాంక రూపం దాల్చాయి. సెయింట్ లూయిస్, క్లీవ్‌లాండ్ నగరాలలో సేకరించిన అస్థిపంజరాలు ప్రధాన ఆధారంగా గైల్స్, ఎలియట్ 1962లో పుర్రె కొలతల నుంచి జాతిని అంచనా వేసే సూత్రాలు కట్టారు. 1993లో FORDISC అనే కంప్యూటర్ ప్రోగ్రాం వచ్చింది. కొత్త పుర్రె కొలతలు ఇస్తే, తన దగ్గర ఉన్న సమూహాలలో దేనికి దగ్గరగా ఉందో అది లెక్కగడుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. సమూహాలకు అది పంచే సంభావ్యతల మొత్తం ఎప్పుడూ 1 కనుక, అసలు సమూహం జాబితాలో లేకపోయినా ఏదో ఒకటి ముందుకు వస్తుంది. ఒక సమూహానికి 0.80 చూపిందంటే మిగతావాటికంటే అది దగ్గర అనే తప్ప, పుర్రె దానిదేనని కాదు. ఆ సమూహంలో ఇలాంటి పుర్రె ఉండడం ఎంత మామూలో చెప్పే అంకె విడిగా వస్తుంది. అది 0.02 లాంటి చిన్న సంఖ్య అయితే ఆ 0.80ని పక్కన పెట్టాల్సిందే. తొందరలో చాలామంది మొదటి అంకె దగ్గరే ఆగిపోతారు.

ప్రపంచ జనాల పోలికకు ఈ ప్రోగ్రాం వాడుకునే హోవెల్స్ కొలతలలో 28 సమూహాలు ఉన్నాయి. వాటిలో అండమాన్ ఉంది, భారత ప్రధాన భూభాగం లేదు. కాబట్టి రాయలసీమ పుర్రెను ఎక్కిస్తే ఏ దూరదేశపు పేరో రావడంలో వింత లేదు. 2005లో విలియమ్స్ బృందం ప్రాచీన నూబియా పుర్రెలను పరీక్షించినప్పుడు, ఒకే జనానికి చెందినవి వేర్వేరు ఖండాల సమూహాలలోకి చెదిరిపోయాయి. పుర్రె దాదాపు పూర్తిగా ఉండి, దాని సొంత సమూహం కూడా జాబితాలో ఉంటేనే సరైన జవాబు ఆశించవచ్చని, అప్పుడు కూడా నమ్మకంగా తేలేవి బహు కొద్దని 2009లో మెరీనా ఎలియట్, మార్క్ కొలార్డ్ తేల్చారు.

మరి అమెరికాలో ఈ అంచనాలు చాలాసార్లు ఎలా సరిపోయాయి? అమెరికా మానవశాస్త్రవేత్త నార్మన్ సావర్ 1992లో ఇచ్చిన జవాబు నాకు సబబుగా తోస్తుంది. అక్కడి జనం ప్రపంచంలోని కొన్ని ప్రాంతాల నుంచే ఎక్కువగా వచ్చారు, సమాజం వారికి ముద్రలు వేసింది, ఎముకల తేడాలు ఆ ముద్రలతో కొంతవరకు కలిశాయి. అంతమాత్రాన జాతులు ఉన్నట్టు కాదు. 2020లో బెథార్డ్, డిగాంజి మరో అడుగు వేసి ఎముకల నుంచి మూలాన్ని అంచనా వేయడమే మానేయాలని కోరారు. స్టల్, మరికొందరు దాన్ని ఒప్పుకోలేదు. గుర్తింపుకు ఇది ఇంకా అవసరమని, మార్చాల్సింది పద్ధతులనూ పదజాలాన్నీ అని వారి వాదన.

గుత్తి పుర్రె విషయంలో, నా దృష్టిలో, నివేదికలో ఏ ప్రాంతం మనిషి అనే వరుసకు ఎదురుగా 'అభిప్రాయం చెప్పలేము' అని రాయడమే సరి. పళ్లకు చేసిన వైద్యం, ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక, తొడ ఎముక నుంచి కట్టిన ఎత్తు ఇంతకంటే గట్టి ఆధారాలు. పంటి నుంచి డీఎన్‌ఏ తీయవచ్చు, కానీ పోల్చడానికి రక్తసంబంధీకులు దొరకాలి. 'స్థానికుడు' అని రాసేస్తే తప్పిపోయినవారి వెతుకులాట చుట్టుపక్కల స్టేషన్లతోనే ఆగిపోవచ్చు, ఏ ఒడిశాలోనో బిహార్‌లోనో కేసు పెట్టిన కుటుంబానికి ఆ ప్రకటన చేరకపోవచ్చు.