ప్యాచ్ ఎప్పుడో తయారైంది, ఇంటికే రాలేదు: స్మార్ట్ టీవీలు, రౌటర్ల పాత లోపాల వెనుక కథ

2014 డిసెంబరులో ఇజ్రాయెల్ సైబర్ భద్రతా సంస్థ చెక్ పాయింట్ ఒక పెద్ద లోపాన్ని బయటపెట్టింది. ఇళ్లలో ఇంటర్నెట్ కోసం పెట్టుకునే మోడెంలు, రౌటర్లలో ఉన్న లోపం అది. 189 దేశాల్లో కోటీ 20 లక్షలకు పైగా పరికరాల్లో అది ఉందని ఆ సంస్థ లెక్కగట్టింది. బయట ఎక్కడో కూర్చున్నవాడు ప్రత్యేకంగా తయారుచేసిన ఒక కుకీని, అంటే బ్రౌజర్ వెబ్‌సైట్‌కు పంపే చిన్న డేటా ముక్కను, రౌటర్‌కు పంపితే చాలు, పాస్‌వర్డ్ అడక్కుండానే అది వాడి చేతికి చిక్కుతుంది. దీనికి ‘మిస్‌ఫార్చూన్ కుకీ’ అని పేరు పెట్టారు.

లోపాలు బయటపడటం మామూలే. ఈ కథలో నమ్మబుద్ధి కానిది ఇంకొకటి ఉంది. ఆ లోపాన్ని సరిచేసిన కొత్త వెర్షన్ 2005లోనే వచ్చేసింది. అంటే మందు తయారై తొమ్మిదేళ్లయినా కోటికి పైగా ఇళ్లకు అది చేరలేదు. స్మార్ట్ టీవీలు, కెమెరాలు ఏళ్ల తరబడి అప్‌డేట్ లేకుండా ఎందుకు పడి ఉంటున్నాయో అర్థం కావాలంటే ఈ తొమ్మిదేళ్లలో ఏం జరిగిందో చూడాలి.

బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది కదా. ఆ పేజీని చూపించడానికి రౌటర్ లోపల ఒక చిన్న వెబ్ సర్వర్ ఉంటుంది. మిస్‌ఫార్చూన్ కుకీ ఉన్నది రామ్‌పేజర్ అనే అలాంటి సర్వర్‌లో. దాన్ని రాసింది అమెరికాకు చెందిన అల్లెగ్రోసాఫ్ట్ అనే కంపెనీ. లోపం 2002 నాటి కోడ్‌లో దొర్లింది. ఆ కంపెనీ 2005లో దాన్ని సరిచేసి, కొత్త వెర్షన్‌ను తన కస్టమర్లకు ఇచ్చింది కూడా. కాకపోతే ఆ కస్టమర్లు మనం కాదు, రౌటర్ మీద పేరున్న బ్రాండ్లే కావాలనీ లేదు. చిప్ తయారుచేసే కంపెనీ రామ్‌పేజర్‌ను తీసుకుని, తన చిప్‌తో పాటు ఫ్యాక్టరీలకిచ్చే సాఫ్ట్‌వేర్ కిట్‌లో కలిపింది. ఫ్యాక్టరీలు ఆ కిట్ మీద రౌటర్లు కట్టాయి. బ్రాండ్లు వాటి మీద తమ స్టిక్కర్ వేసి అమ్మాయి.

కొత్త రామ్‌పేజర్ వచ్చినా చిప్ కిట్‌లో పాతదే ఉండిపోయింది. పని చేస్తున్నదాన్ని ఎందుకు కదిలించాలి అనుకుని ఉండొచ్చు. దాంతో ఆ కిట్ మీద కట్టిన ప్రతి కొత్త మోడల్ పాత లోపంతోనే పుట్టింది. 2014లో దుకాణంలో సీల్ విప్పని డబ్బాలో కూడా 2002 నాటి కోడ్ దొరికిందంటే కారణం ఇదే. చెక్ పాయింట్ గుర్తించిన మోడళ్లు దాదాపు 200. విషయం బయటపడ్డాక అల్లెగ్రోసాఫ్ట్ చెప్పిందేమిటంటే, సరిచేసిన వెర్షన్ ఎప్పుడో ఇచ్చేశాం, దాన్ని వాడమని కస్టమర్లను బలవంతపెట్టలేం అని. అది అబద్ధం కాదు. చెరువులో నీళ్లున్నా మధ్యలో ఏ తూము మూసి ఉన్నా చివరి పొలం ఎండిపోతుంది. ఇక్కడ ఆ తూములు తెరవాల్సిన బాధ్యత ఎవరిదో స్పష్టంగా లేదు.

టీవీ విషయంలో ఈ తూములు ఇంకా ఎక్కువ. ఆండ్రాయిడ్ టీవీనే తీసుకుందాం. ఆపరేటింగ్ సిస్టం గూగుల్‌ది. చిప్ మీడియాటెక్‌దో, రియల్‌టెక్‌దో, ఆమ్‌లాజిక్‌దో అయి ఉంటుంది. బోర్డు తయారుచేసి టీవీని కూర్చేది చాలాసార్లు ఇంకో ఫ్యాక్టరీ. ఒకే ఫ్యాక్టరీ నాలుగైదు బ్రాండ్లకు టీవీలు చేసి ఇస్తుంది. గూగుల్ ఒక లోపానికి ప్యాచ్ విడుదల చేస్తే, దాన్ని చిప్ కంపెనీ తన కిట్‌లో కలపాలి. ఫ్యాక్టరీ దాన్ని తన బోర్డుకు సరిపడేలా మార్చాలి. బ్రాండ్ పరీక్షించి తన సర్వర్ నుంచి పంపాలి. ఎవరు ఆగినా ప్యాచ్ అక్కడితో ఆగిపోతుంది.

ఫోన్లలోనూ ఒకప్పుడు పరిస్థితి ఇంతే. 2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక్క ఎంఎంఎస్‌తో కోట్ల ఆండ్రాయిడ్ ఫోన్లను చేజిక్కించుకోవచ్చని తేలేసరికి గోల మొదలైంది. ఆగస్టు నుంచి గూగుల్ ప్రతి నెలా భద్రతా ప్యాచ్‌లు ఇవ్వడం ప్రారంభించింది. 2017లో ఆండ్రాయిడ్‌ను చిప్ కంపెనీ కోడ్ నుంచి విడదీసే పని కూడా చేపట్టింది. ఫోన్ కొనేవాళ్లు ఎన్నేళ్లు అప్‌డేట్లు వస్తాయని అడగడం నేర్చుకున్నారు, కంపెనీలు దాన్నే ప్రకటనల్లో చెప్పుకోవడం మొదలెట్టాయి. టీవీ కొనేటప్పుడు మనం అడిగేది మాత్రం ఎన్ని అంగుళాలు, 4కే ఉందా, ఆఫర్ ఎంత అనే.

అసలు చిక్కు వయసు దగ్గర వస్తుంది. ఇంట్లో టీవీ ఏడెనిమిదేళ్లు ఉంటుంది, చెడిపోకపోతే పదేళ్లు. లోపలి సాఫ్ట్‌వేర్ ఆయుష్షు అంత ఉండదు. ఆండ్రాయిడ్‌కు అడుగున పునాదిలా ఉండే లినక్స్ కెర్నల్ 4.9 వెర్షన్‌నే చూడండి. 2016 డిసెంబరులో వచ్చిన ఈ కెర్నల్ మీద చాలా టీవీ బాక్స్ చిప్‌ల కిట్లు తయారయ్యాయి. 2023 జనవరిలో దాని నిర్వహణ ఆగిపోయింది. ఆ కెర్నల్ ఉన్న పరికరాన్ని 2021 దసరా ఆఫర్‌లో కొన్న కుటుంబానికి, ఏడాదిన్నర తిరక్కుండానే కింద పునాదిని పట్టించుకునేవాళ్లు లేకుండా పోయారన్నమాట. కొత్త కెర్నల్‌కు మార్చవచ్చు కదా అంటే, వీడియో డీకోడర్, హెచ్‌డీఎంఐ, ట్యూనర్, వైఫై వీటన్నిటినీ నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను చిప్ కంపెనీ మళ్లీ రాయాలి. ఆ కంపెనీ అప్పటికే కొత్త చిప్ అమ్ముకునే పనిలో ఉంటుంది. పాత చిప్‌కు ఇంజినీర్లను కేటాయించాలంటే డబ్బు ఎవరో ఒకరు కట్టాలి. అమ్మేటప్పుడే లాభం అంతంతమాత్రంగా మిగిలిన బ్రాండ్ అది కట్టదు.

డబ్బుతో పాటు భయం కూడా ఉంది. ఒకే మోడల్ పేరుతో అమ్మిన టీవీల్లో కూడా బ్యాచ్‌ను బట్టి ప్యానెల్ వేరు, బోర్డు వేరు ఉండొచ్చు. ప్రతిదాని మీదా అప్‌డేట్‌ను పరీక్షించాలి. ఒక్కటి తప్పినా ఏమవుతుందో 2017 ఆగస్టులో సామ్‌సంగ్‌కు తెలిసొచ్చింది. బ్రిటన్‌లో ఒక అప్‌డేట్ తర్వాత ఆ కంపెనీ కొత్త టీవీలు కొన్ని నల్ల తెరతో ఆగిపోయాయి, కొందరు రోజుల తరబడి ఇబ్బంది పడ్డారు. అదే నెలలో అమెరికాలో లాక్‌స్టేట్ అనే కంపెనీ తప్పుడు అప్‌డేట్ పంపడంతో దాదాపు 500 స్మార్ట్ తాళాలు పనిచేయడం మానేశాయి. ఫోన్ పాడైతే సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్తాం. గోడకు బిగించిన టీవీ దగ్గరికి టెక్నీషియనే రావాలి. ఈ ఖర్చు, తలనొప్పి లెక్కేసుకున్న మేనేజర్‌కు అప్‌డేట్ పంపకపోవడమే క్షేమంగా కనిపిస్తుంది. పంపకపోతే ఆ రోజుకు ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి.

ఫిర్యాదు ఎందుకు రాదన్నది 2016లో ప్రపంచం మొత్తానికీ తెలిసింది. మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతో ఉన్న సీసీ కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్‌లు, రౌటర్లలోకి చొరబడి వాటన్నిటినీ ఒక సైన్యంగా మార్చింది. అక్టోబరు 21న ఆ సైన్యం, వెబ్‌సైట్ల పేర్లను వాటి ఇంటర్నెట్ చిరునామాలకు కలిపే డైన్ అనే కంపెనీ మీద పడటంతో అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు గంటల పాటు అందలేదు. కెమెరా యజమానికి మాత్రం బొమ్మ ఎప్పటిలాగే కనిపిస్తూనే ఉంది. నష్టం ఇంకొకరిది. చైనాకు చెందిన షియాంగ్‌మై భాగాలతో తయారైన డీవీఆర్‌లలో xc3511 అనే పాస్‌వర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే, అంటే పరికరంలో ఫ్యాక్టరీ ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లోనే రాసి ఉంది. వెబ్ పేజీలో పాస్‌వర్డ్ మార్చుకున్నా ఇది మారదు. కాబట్టి పాస్‌వర్డ్ మార్చుకోలేదని యజమానిని తప్పుపట్టడం అన్యాయం. ఆ కంపెనీ చివరికి అమెరికాలో కొన్ని ఉత్పత్తులను వెనక్కి పిలిపిస్తామని ప్రకటించింది.

నవంబరులో మిరాయ్‌లోనే ఇంకో రకం జర్మనీలో డాయిష్ టెలికాం కస్టమర్లవి సుమారు 9 లక్షల రౌటర్లను దెబ్బతీసింది. 2017 జులైలో మన దేశంలో బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్ మోడెంల వంతు వచ్చింది. 60 వేల దాకా మోడెంలు పనిచేయకుండా పోయాయని అప్పట్లో వార్తలొచ్చాయి. పాస్‌వర్డ్‌లు మార్చుకోమని బీఎస్‌ఎన్‌ఎల్ కస్టమర్లకు చెప్పాల్సి వచ్చింది.

టీవీకి ప్రమాదం ఇంత సూటిగా రాదని కూడా చెప్పాలి. అది రౌటర్ వెనకాల ఉంటుంది కాబట్టి బయటివాడికి సాధారణంగా నేరుగా అందదు. ఎక్కడి నుంచో తెచ్చి ఎక్కించిన యాప్ ద్వారానో, అదే వైఫై మీద ఉన్న ఇంకో చెడిన పరికరం ద్వారానో వస్తుంది. ఊరూపేరూ లేని టీవీ బాక్సులది వేరే కథ. వోయిడ్ అనే మాల్‌వేర్ 197 దేశాల్లో దాదాపు 13 లక్షల బాక్సుల్లో ఉందని 2024 సెప్టెంబరులో డాక్టర్ వెబ్ సంస్థ చెప్పింది. పాత ఆండ్రాయిడ్‌నే కొత్తదిగా చూపించి అమ్మే అలవాటు కూడా ఇందుకు ఒక కారణం కావచ్చని ఆ సంస్థ అంది.

మన టీవీ సంగతి తెలుసుకోవడం కష్టం కాదు. ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీల్లో సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో ఎబౌట్ తెరిస్తే `Android TV OS security patch level` అన్న వరుస కింద ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ తర్వాత బయటపడిన లోపాలేవీ ఆ టీవీలో పూడ్చలేదని అర్థం. అదే మెనూలో సిస్టం అప్‌డేట్ నొక్కితే, తేదీ మూడేళ్ల కిందటిదైనా, మీ సిస్టం అప్ టు డేట్‌గా ఉందనే వస్తుంది. చాలామంది అది చూసి టెన్షన్ లేదనుకుంటారు. బ్రాండ్ సర్వర్‌లో ఇంతకన్నా కొత్తది లేదు అన్నంత వరకే ఆ మాటకు అర్థం. తేదీ మరీ పాతదైతే టీవీని వైఫై నుంచి తీసేసి, అప్‌డేట్లు వస్తున్న ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకోవడం మేలు. స్టిక్ పాతబడితే మార్చుకోవచ్చు, ప్యానెల్‌ను మార్చనక్కర్లేదు.

మధ్యలో చేతులు మారడం తక్కువైతే పని జరుగుతుందనడానికీ ఉదాహరణ ఉంది. ఎల్‌జీ టీవీల వెబ్‌ఓఎస్‌లో కనిపెట్టిన లోపాలను బిట్‌డిఫెండర్ సంస్థ 2023 నవంబరులో ఆ కంపెనీకి చెప్పింది. 2024 మార్చికల్లా ప్యాచ్ వచ్చింది. ఆపరేటింగ్ సిస్టం, టీవీ రెండూ ఒకే ఇంటివి కాబట్టి నెలల్లో అయిపోయింది. అదే రామ్‌పేజర్‌కు తొమ్మిదేళ్లు చాలలేదు.

చట్టాలు ఇప్పుడిప్పుడే ఈ గొలుసు మీద చెయ్యి వేస్తున్నాయి. కాలిఫోర్నియా 2020 జనవరి 1 నుంచి అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని అడ్డుకుంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో కంపెనీ చెప్పి తీరాలి. ఇన్నేళ్లు ఇవ్వాల్సిందేనని మాత్రం ఆ చట్టం అనదు. తేదీ చెప్పడం కూడా ఒక గెలుపేనా అనిపిస్తుంది గానీ, అదే ఏడాది నవంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 184 స్మార్ట్ ఉత్పత్తుల వెబ్‌సైట్లను పరిశీలిస్తే దాదాపు 89 శాతం వాటిలో అప్‌డేట్లు ఎన్నాళ్లో ఎక్కడా లేదు. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. ఆ నిబంధన కెమెరాలకే. టీవీ డబ్బా మీద కరెంటు ఎంత కాలుతుందో చెప్పే స్టార్ గుర్తు పక్కన అప్‌డేట్లు ఆగే తేదీ కూడా అచ్చు వేయించడానికి ప్రభుత్వానికి పెద్ద కష్టమేమీ లేదు.

అందరికన్నా ముందుకెళ్లింది యూరోపియన్ యూనియన్. అక్కడి సైబర్ రెసిలియన్స్ చట్టం ప్రకారం, ఉత్పత్తి వాడకం అంతకన్నా తక్కువ కాలమైతే తప్ప, కనీసం ఐదేళ్లు లోపాలను సరిచేస్తూ ఉండాలి. ఆ బాధ్యత 2027 డిసెంబరు 11 నుంచి మార్కెట్లోకి వచ్చే వస్తువులకు వర్తిస్తుంది. అంతకుముందే అమ్ముడై గోడలకెక్కిన టీవీలకు వర్తించదు.