సిప్ లెక్కలో ఐదేళ్ల తేడా

బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న ఒక పాఠకురాలు ఇటీవల ఒక ప్రశ్న పంపారు. నెలకు 10,000 రూపాయల చొప్పున మ్యూచువల్ ఫండ్‌లో సిప్ కట్టాలని భార్యాభర్తలు అనుకున్నారు. 12 శాతం రాబడి వస్తుందనుకుని 25 ఏళ్లకు లెక్క చూస్తే ఒక వెబ్‌సైట్ 1.90 కోట్లు అని చూపించిందట, ఇంకొకటి 1.70 కోట్లు అన్నదట. “ఏది నమ్మాలో తెలియడం లేదండీ. పైగా ఇంటి లోన్ తీరాక, ఇంకో ఐదేళ్లకు మొదలుపెడదామని మావారు అంటున్నారు. పాతికేళ్లలో ఐదేళ్లే కాబట్టి ఐదో వంతు తగ్గుతుంది, అంతే కదా అంటున్నారు. నిజమేనా?” అని అడిగారు.

సైట్ల సంగతి ముందు చూద్దాం. రెండింటిలోనూ సూత్రం ఒకటే:

```
FV = P × [((1+i)^n − 1) / i] × (1+i)
```

FV చివరికి చేతికొచ్చే మొత్తం, P నెల వాయిదా, n వాయిదాల సంఖ్య, i నెలసరి రాబడి. తేడా అంతా i దగ్గరే వచ్చింది. మొదటి సైట్ 12 శాతాన్ని పన్నెండుతో భాగించి నెలకు 1 శాతం అనుకుంది. కానీ నెలకు 1 శాతం చొప్పున పన్నెండు నెలలు చక్రవడ్డీగా పెరిగితే ఏడాదికి 12 కాదు, 12.68 శాతం అవుతుంది. రెండో సైట్ ఏడాది చివరికి సరిగ్గా 12 శాతం వచ్చేలా నెలకు 0.949 శాతం తీసుకుంది. ఫండ్లు ప్రకటించే సీఏజీఆర్, అంటే చక్రవడ్డీ పద్ధతిలో ఏటా సగటున వచ్చిన రాబడి, ఏడాది లెక్కన చెప్పేది కాబట్టి దానితో పోల్చడానికి రెండో పద్ధతే సరైనది. మీరు చూస్తున్న సైట్ ఏ పద్ధతిలో లెక్కిస్తుందో తెలుసుకోవాలంటే కాలవ్యవధి ఒక్క ఏడాది అని ఇచ్చి చూడండి. 1,28,093 వస్తే మొదటి పద్ధతి, 1,27,665 వస్తే రెండోది. ఏడాదికి 428 రూపాయలుగా కనిపించే ఈ తేడాయే పాతికేళ్లకు దాదాపు 20 లక్షలు అవుతుంది.

ఇక ఐదో వంతు మాట. ఇక్కడి నుంచి లెక్క తేలికగా ఉండడానికి రాబడిని నెలకు 1 శాతంగానే తీసుకుంటాను. 25 ఏళ్లు కడితే 1,89,76,000 వస్తుంది, 20 ఏళ్లు కడితే 99,91,000. కట్టే సొమ్ము 30 లక్షల నుంచి 24 లక్షలకు, అంటే ఐదో వంతే తగ్గింది. చేతికొచ్చేది మాత్రం దాదాపు సగానికి పడిపోయింది. కట్టకుండా మిగిలిన 6 లక్షలకు బదులుగా పోయినది 89,85,000 రూపాయలు.

ఈ 89.85 లక్షలు ఎక్కడివి? సిప్ లెక్కలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, ఎందుకంటే దీనికి రెండు జవాబులున్నాయి, రెండూ నిజమే.

మొదటి జవాబు కోసం 25 ఏళ్లలో మొదటి ఐదేళ్లను విడదీసి చూడాలి. ఆ 60 వాయిదాలు ఐదేళ్లు నిండేసరికి 8,24,864 రూపాయలు అవుతాయి. ఆ మొత్తాన్ని ముట్టుకోకుండా ఇంకో 20 ఏళ్లు, అంటే 240 నెలలు వదిలేస్తే అది 10.8926 రెట్లవుతుంది. గుణించి చూడండి, సరిగ్గా 89.85 లక్షలు. మొదటి ఐదేళ్లు మాత్రమే కట్టి ఆపేసిన మనిషికీ, ఆ ఐదేళ్లు ఆగి తర్వాత 20 ఏళ్లు కట్టిన మనిషికీ చివర్లో ఉండే తేడా పది లక్షలే.

రెండో జవాబు కోసం చివరి ఐదేళ్లను విడదీయాలి. 20 ఏళ్లకు చేరిన 99.91 లక్షలు మరో 60 నెలలు ఉంటే 1.8167 రెట్లు పెరుగుతాయి, అంటే 81.60 లక్షలు అదనం. ఆ ఐదేళ్లలో కొత్తగా కట్టిన 6 లక్షలు 8.25 లక్షలవుతాయి. రెండూ కూడితే మళ్లీ అవే 89.85 లక్షలు. ఐదేళ్లు ముందు మొదలుపెట్టినా, ఐదేళ్లు ఆలస్యంగా తీసుకున్నా రాబడి స్థిరంగా ఉన్నంతవరకు ఫలితం ఒక్కటే. సూత్రంలో n ఎటు వైపు నుంచి పెరిగిందన్న సంగతి ఎక్కడా లేదు.

మన పిల్లలు ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ నేర్చుకుంటారు, అదీ ఒకేసారి ఇచ్చిన అసలు మీద; పై తరగతుల్లో గుణశ్రేఢి నేర్చుకుంటారు, అదీ ఒట్టి అంకెల మీద. ఆ రెండూ కలిసే చోటే ఈ సిప్ లెక్క, అక్కడికి మాత్రం వాళ్లను ఎవరూ తీసుకెళ్లరు. అందుకే బాగా చదువుకున్నవాళ్లు కూడా దీన్ని కూడికలా ఊహించుకుంటారేమోనని నాకు బాధ కలుగుతుంది. నిజానికి ప్రతి వాయిదా దేని వయసు దానికున్న వేరే డిపాజిట్. మొదటిది చివరికి 300 నెలలు పెరిగి 10,000 నుంచి 1,97,885 అవుతుంది. మూడు వందలవది ఒకే నెల ఉండి 10,100 అవుతుంది. కాలవ్యవధి పెంచినప్పుడు మనం ఒక్కో డిపాజిట్ వయసునూ పెంచుతున్నాం.

అయితే ఇదే కాలం మన అంచనాలోని పొరపాటును కూడా పెంచుతుంది. ఇక్కడ మాత్రం రెండో సైట్ పద్ధతిలో చూద్దాం: ఏడాదికి 12 శాతం అనుకున్న రాబడి 10 శాతమే వస్తే పదేళ్ల సిప్‌లో 22.40 లక్షలు రావలసిన చోట 20.15 లక్షలు వస్తాయి, అంటే పదో వంతు తగ్గుతుంది. పాతికేళ్ల సిప్‌లో మాత్రం 1.70 కోట్లు 1.24 కోట్లకు దిగుతాయి, అంటే నాలుగో వంతుకు పైగా పోతుంది. కాబట్టి దీర్ఘకాలపు సిప్‌కు ఒక్క అంకె చెప్పే అంచనా కన్నా 10 శాతానికీ 12 శాతానికీ విడివిడిగా చూపే అంచనా నిజాయితీ గలది.

అంతకన్నా ముఖ్యమైన పరిమితి ఇంకొకటి ఉంది. షేర్ మార్కెట్ నెలకు 1 శాతం చొప్పున ఎప్పుడూ నడవదు. 2008 జనవరిలో 20,000 పైన ఉన్న సెన్సెక్స్ 2009 మార్చిలో 8,000 దరిదాపుల్లో ఉంది. అంత దూరం వద్దు, 30 శాతం పడిందనుకుందాం. మొదటి ఏడాది చివర్లో పడితే 1,28,093 రూపాయలు 89,665కు తగ్గుతాయి. మన లెక్క ప్రకారం అది ఎనిమిదిన్నర నెలలకు ఉండాల్సిన మొత్తం, అంటే మూడున్నర నెలలు వెనక్కి వెళ్లినట్టు. అదే 30 శాతం 24వ ఏడాది చివర్లో పడితే 1.67 కోట్లు 1.17 కోట్లవుతాయి. ఆ మొత్తం మన లెక్కలో దాదాపు 255వ నెలకు ఉంటుంది. 288 నెలలు కట్టినవాళ్లు 33 నెలలు వెనక్కి వెళ్లిపోయారు. ఆ తర్వాత మళ్లీ నెలకు 1 శాతం చొప్పున క్రమంగా పెరిగినా 25 ఏళ్లకు అనుకున్న మొత్తం 27 ఏళ్ల 9 నెలలకు గానీ చేతికి రాదు.

మారతహళ్లి దంపతులకు ఆ డబ్బు ఒక నిర్ణీత తేదీకి కావాలంటే, ఉదాహరణకు రిటైరయ్యే నెలకే కావాలంటే, చివరి మూడు నాలుగేళ్లలో కొంత కొంతగా షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్ నుంచి బాండ్లలో పెట్టే డెట్ ఫండ్‌కు మార్చుకోవాలి. ఆ సంవత్సరాలకు సూత్రంలో 1 శాతం వేయకూడదు, తక్కువ రాబడితోనే లెక్కించాలి. సరిగ్గా నిధి అత్యధికంగా పెరగాల్సిన ఏళ్లే అవి కాబట్టి వెబ్‌సైట్ చూపించిన 1.70 కోట్లలోంచి కూడా కొంత తగ్గించుకునే చూసుకోవాలి.