డెవలపర్ డబ్బా ఎందుకు ఉబ్బుతుంది

సెలూన్‌లో జాగ్రత్తగా చూడాల్సింది ఏమిటని అడిగితే ఎవరైనా ముందు బ్లేడు అంటారు. తిరుపతిలో మరీను, గుండు చూడకుండా రోజు గడవని ఊరు కాబట్టి బ్లేడు సంగతి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ జుట్టుకు రంగు వేసే సెలూన్‌లో అంతకంటే ఎక్కువ కన్నేసి ఉంచాల్సింది ఇంకొకటి ఉంది, అది సగం వాడి పక్కన పెట్టిన కలర్ బౌల్. ఎందుకంటే బ్లేడు పెట్టిన చోట పెట్టినట్టే పడి ఉంటుంది, బౌల్‌లో మిగిలినది మాత్రం మనం పట్టించుకోకపోయినా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ఆ బౌల్‌లో కలిపే డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన క్రీమ్. డబ్బా మీద 20 వాల్యూమ్, 30 వాల్యూమ్ అని ఉంటుంది చూడండి, దాన్ని చాలామంది ఘాటు కొలత అనుకుని వదిలేస్తారు. అది నిజానికి గ్యాస్ లెక్క. 20 వాల్యూమ్ డెవలపర్ ఒక మిల్లీలీటరు పూర్తిగా విడిపోతే దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుంది, అంటే లీటరు డబ్బాలో 20 లీటర్ల గ్యాస్ దాక్కుని ఉంది. శాతంలో చెప్పాలంటే 20 వాల్యూమ్ 6 శాతం, 30 వాల్యూమ్ 9, 40 వాల్యూమ్ 12. డబ్బాలో ఉన్నంతసేపు ఇది కుదురుగా ఉండటానికి కంపెనీవాళ్లు కొంచెం ఆమ్లం, కొన్ని స్థిరకాలు కలుపుతారు. జుట్టు రంగు తీయడానికి దాంతో కలిపే బ్లీచ్ పౌడర్ దానికి పూర్తిగా ఎదురు, అది క్షారం. రెండూ కలిపిన నిమిషం నుంచి పెరాక్సైడ్ విడిపోవడం మొదలవుతుంది, మనకు కావలసింది కూడా అదే, జుట్టు రంగు వదిలేది అప్పుడే. కస్టమర్ తల కడిగేశాం కదా అని బౌల్‌లో మిగిలినది మాత్రం ఆగదు.

కొర్లగుంటలో రెండు కుర్చీల సెలూన్ ఒకటి ఊహించుకోండి, మే నెల మధ్యాహ్నం, కరెంటు లేదు. హైలైట్స్ కోసం 30 గ్రాముల పౌడర్‌లో 60 మిల్లీలీటర్ల 30 వాల్యూమ్ కలిపారు, సగం మిగిలింది. పారేయడానికి మనసొప్పక హెల్పర్ కుర్రాడు దాన్ని పావు లీటరు ఖాళీ సీసాలో పోసి మూత బిగించాడు, సాయంత్రం ఇంకెవరికైనా పనికొస్తుందని. అందులో ఉన్న డెవలపర్ 30 మిల్లీలీటర్లు, అంటే రాగల గ్యాస్ 900 మిల్లీలీటర్లు. సీసాలో ఖాళీ జాగా 200 చిల్లర. అంతా విడిపోతే లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువవుతుంది, కారు టైరులో కొట్టే గాలికి సుమారు రెట్టింపు. ఒక్కసారిగా జరగదు, గంటల మీద జరుగుతుంది, అందుకే ఎవరూ కనిపెట్టరు. నాలుగింటికి "అన్నా, సీసా ఉబ్బింది చూడు" అని వాడు మూత తిప్పబోతాడు, ముద్ద నేరుగా ముఖం మీదికి వస్తుంది. కంట్లో పడితే పారే నీళ్లతో కనీసం పావుగంట కడిగి, తర్వాత ఆస్పత్రికి పోవాలి, కడగకుండా పరుగెత్తకూడదు. ఉబ్బిన సీసాను అసలు ముట్టుకోకుండా మనుషుల్ని దూరం జరపడం మంచిది.

సరే, సీసాలో పోయకుండా ఫాయిల్‌లో చుట్టి చెత్తబుట్టలో వేశారనుకుందాం. అప్పుడు గ్యాస్ సంగతి పోయి వేడి సంగతి వస్తుంది. ఆ 30 మిల్లీలీటర్ల పెరాక్సైడ్ విడిపోతే పుట్టే వేడి, బయటికి పోయే దారి లేకపోతే, ఆ ముద్దను దాదాపు 40 డిగ్రీలు పెంచగలదు. మన మే నెలలో గది వేడే 38 ఉంటుంది, కాబట్టి లెక్క 80 దగ్గరికి పోతుంది. టిష్యూలు, కాటన్, వెంట్రుకలు చుట్టూ ఉంటే వేడి బయటికి పోదు. అదే బుట్టలో నెయిల్ పాలిష్ తీసిన కాటన్ ఉంటే ఇంకా తంటా, అందులోని అసిటోన్ గది వేడికే ఆవిరవుతూ ఉంటుంది, నిప్పు తగిలితే చాలు భగ్గుమంటుంది. నిప్పెక్కడిది అంటారా? చాలా సెలూన్లలో స్వామి ఫోటో ముందు అగరబత్తి వెలుగుతూ ఉంటుంది, సరిగ్గా దాని కిందే స్పిరిట్, అసిటోన్, స్ప్రే డబ్బాలు పేర్చి ఉంటాయి. స్వామిని కదిలించక్కర్లేదు, డబ్బాలను కదిలిస్తే చాలు.

అందుకే ఒకే అరలో అన్నీ పేర్చడం మానాలి. డెవలపర్, బ్లీచ్ పౌడర్ ఒకవైపు, కింది అరలో, గీజరుకూ కరెంటు మీటరుకూ దూరంగా. అసిటోన్, స్పిరిట్, హెయిర్ స్ప్రే ఇంకోవైపు. స్ప్రేలో చాలావాటిని బయటికి తోసేది వంటగ్యాస్ రకం గ్యాసే, అందుకే ఆ డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. పౌడర్‌కు తడి తగలకూడదు, డెవలపర్‌కు ఇనుము తగలకూడదు, తుప్పు పట్టిన స్పూన్ కూడా పెరాక్సైడ్‌ను త్వరగా విడగొడుతుంది కాబట్టి ప్లాస్టిక్ కొలతలే వాడాలి. బౌల్‌లో పోసిన డెవలపర్ మళ్లీ డబ్బాలోకి పోయకూడదు, ఒక్క చుక్క కలర్ కలిసినా లీటరంతా పాడవుతుంది. కొన్ని డబ్బాల మూతకు గ్యాస్ పోవడానికి సన్న రంధ్రం ఉంటుంది, కారుతోందని దాన్ని టేపుతో మూసేవాళ్లను ఏమనాలో నాకు అర్థం కాదు. నీళ్ల సీసాల్లోకి పోసి పెట్టడం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

మిగిలిన ముద్దను ఏం చేయాలి? ముందు తక్కువ కలపండి, చిన్న తూకం మిషన్ ఉంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. అయినా మిగిలితే మూత లేని బకెట్లో సగం నీళ్లు తీసుకుని అందులో కలిపేయండి, తర్వాత సింకులో పోసి కుళాయి కాసేపు వదలండి. ఇది అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి కలిసిన సింకు అయితేనే, వీధి కాలవలోకి కాదు. అదే సమయానికి సింకులో టాయిలెట్ యాసిడ్ గానీ బ్లీచింగ్ ద్రవం గానీ పోయకండి. బ్లీచింగ్ ద్రవం యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వస్తుంది, అమ్మోనియా ఉన్న కలర్‌తో కలిస్తే ఊపిరాడనివ్వని ఇంకో గ్యాస్ వస్తుంది. ఫాయిళ్లు, బ్రష్‌లు కడిగి ఆరిన తర్వాతే చెత్తలోకి. గడువు తీరిన లీటరు డబ్బాలకు ఈ పద్ధతి పనికిరాదు. అంత మొత్తం కాలవలోకి పోకూడదు, అమ్మిన డిస్ట్రిబ్యూటర్ తిరిగి తీసుకుంటాడేమో ముందు అడగాలి, లేదంటే కార్పొరేషన్ వాళ్లకు విడిగా, పేరు రాసి అప్పగించాలి.

బ్లేడ్లకు గట్టి ప్లాస్టిక్ డబ్బా చాలు. ఖాళీ డెవలపర్ డబ్బానే మూడుసార్లు కడిగి, మూతలో చీలిక పెట్టి వాడొచ్చు. ముప్పావు నిండగానే చీలిక మీద టేపు వేసి "బ్లేడ్లు" అని పెద్ద అక్షరాలతో రాసి విడిగా ఇవ్వాలి, చెత్త బండి అక్క చేతులకు గ్లవ్స్ ఉంటాయన్న నమ్మకం లేదు కాబట్టి. ఇందులో చట్టం కూడా ఉంది, 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల నుంచే చెత్తను పుట్టిన చోటే వేరు చేయడం, వీధిలోనూ కాలవలోనూ వేయకపోవడం చెత్త చేసినవాడి బాధ్యత.

కాగితాల పని పెద్దది కాదు. ఒక్కో రసాయనానికి సరఫరాదారు దగ్గర భద్రతా సమాచార పత్రం ఉంటుంది, దాన్ని అడిగి తీసుకోండి. పదహారు భాగాల్లో మీకు కావలసినవి మూడే: 7 నిల్వ, 10 దేనితో కలవకూడదో, 13 ఎలా పారవేయాలో. వీటితో పాటు ఒక నోట్‌బుక్‌లో డబ్బా తెరిచిన తేదీ, గడువు, ఎప్పుడు ఎవరికి అప్పగించారో రాసి ట్రేడ్ లైసెన్సుతో కలిపి పెట్టండి. తనిఖీకి ఎవరైనా వస్తే అప్పటికప్పుడు వెతుక్కునే టెన్షన్ ఉండదు, పైగా తెరిచి నెలలు గడిచిన డెవలపర్ బలం తగ్గిందా, జుట్టు రంగు వదలడం లేదా అన్నది కూడా ఆ తేదీ చూసే తేలుతుంది.