టోటల్ కలిసింది, లెక్క తప్పింది: కొనుగోలు బిల్లుల ఎంట్రీపై అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో కూర్చుని చుట్టుపక్కల ఊళ్ల దుకాణాలకు లెక్కలు రాసే పని మాది. నెలాఖరుకు ఒక్కో దుకాణం నుంచి ఓ సంచీడు బిల్లులు వస్తాయి. కొన్ని కంప్యూటర్ ప్రింట్లు, కొన్ని వాట్సాప్ ఫొటోలు, కొన్ని కార్బన్ కాపీలు. వాటిలోని ప్రతి సరుకు వరసనూ, దాని పన్ను కోడ్‌నూ, మొత్తాలనూ ఒకే షీట్‌లోకి తెచ్చి, అక్కడి నుంచి ట్యాలీలోకి ఎక్కిస్తాం. స్కాన్ చేసి చదివే సాఫ్ట్‌వేర్ వాడినా, కుర్రాళ్లు కూర్చుని టైపు చేసినా, తప్పులు మాత్రం దాదాపు ఒకే చోట్ల పడుతుంటాయి.

అపోహ: బిల్లు టోటల్, షీట్ టోటల్ కలిస్తే ఎంట్రీ సరైనదే.

వాస్తవం: టోటల్ కలవడం అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యం. మా దగ్గరే జరిగిన తప్పు చెప్తాను.

నరసన్నపేట వైపు వ్యవసాయ సామగ్రి దుకాణం ఒకటి ఉంది. 2025 నవంబరులో దానికి శ్రీకాకుళం హోల్‌సేలర్ నుంచి ఒక బిల్లు వచ్చింది. అందులో మూడే వరసలు. పీవీసీ పైపులు 40, ఒక్కోటి 320 రూపాయలు, 10 శాతం డిస్కౌంట్ పోగా 11,520. స్ప్రింక్లర్లు 25, ఒక్కోటి 180 చొప్పున 4,500. పారలు 12, ఒక్కోటి 210 చొప్పున 2,520. పైపులకు పన్ను 18 శాతం, స్ప్రింక్లర్లకు 5 శాతం, పారలకు పన్ను లేదు. బిల్లు అడుగున చివరి మొత్తం 21,547.

మా కుర్రాడు మూడు వరసలూ ఎక్కించాడు. సరుకు విలువ 18,540 వచ్చింది. పన్ను తనే లెక్కకట్టాడు: పైపుల మీద 2,073.60, స్ప్రింక్లర్ల మీద 225. అన్నీ కలిపితే 20,838.60. బిల్లుకీ దీనికీ 708.40 తేడా. దాన్ని తీసుకెళ్లి ‘రౌండాఫ్’ ఖాతాలో వేశాడు. టోటల్ కలిసిపోయింది, షీట్ పచ్చగా కనిపించింది, నేనూ చూడకుండా పంపేశాను.

దుకాణదారుకి పద్దులు చూసే అలవాటుంది. ఫోన్ చేసి, “ఏటి బాబూ, ఏడొందల రూపాయల రౌండాఫా?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

బిల్లు మళ్లీ తీశాం. అడుగున, సంతకానికి పైన, చిన్న అక్షరాల్లో ‘రవాణా 600’ అని ఉంది. సరుకుల పట్టికలో లేదు కాబట్టి కుర్రాడి కంటికి ఆనలేదు. దాని పక్కనే పన్ను రేట్ల వారీ చిన్న పట్టిక కూడా ఉంది. 18 శాతం కింద పన్ను పడే విలువ 12,120, కేంద్రం వాటా సీజీఎస్టీ 1,090.80, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 1,090.80. 5 శాతం కింద 4,500, చెరో 112.50. పన్ను లేనిది 2,520. ఇవన్నీ కలిపితే 21,546.60. అసలు రౌండాఫ్ 40 పైసలే.

మనం రౌండాఫ్ అనుకున్న 708.40లో మూడు రకాల డబ్బు కలిసిపోయి ఉంది: 600 రవాణా, దాని మీద 108 పన్ను, 40 పైసలు. రవాణా ఖర్చు సరుకు ఖరీదులో చేరకుండా పోయింది. అంతకంటే ముఖ్యం, 108 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకాల పన్నులో తగ్గించుకునే వీలు, వదిలేశాం. ఒక్క బిల్లుకి 108 చిన్న మొత్తమే. కానీ ఆ హోల్‌సేలర్ ప్రతి బిల్లులోనూ రవాణాను అక్కడే వేస్తాడు.

ఇందులో నేర్చుకున్న కిటుకు ఒకటుంది. పన్ను తేడానే రవాణాని అమ్మినవాడు ఏ రేటులో కలిపాడో చెప్పేస్తుంది. తేడా 108 ఉంటే 600 మొత్తం 18 శాతంలో ఉన్నట్టు. 30 ఉంటే 5 శాతంలో. మూడు సరుకులకూ వాటి విలువ ప్రకారం పంచి ఉంటే సుమారు 74 వచ్చేది. సరుకుతో పాటు అమ్మినవాడే వసూలు చేసే రవాణా సరుకు విలువలో భాగమే, కాబట్టి దాని మీద పన్ను పడుతుంది. ఎలా పంచాలన్నది మనం తేల్చేది కాదు. బిల్లులో ఎలా ఉందో అలాగే షీట్‌లోకి రావాలి.

ఇప్పుడు మా షీట్‌లో రవాణా కూడా ఒక వరసే: పరిమాణం 1, రేటు 600, పన్ను కోడ్ L18. రౌండాఫ్‌కు వేరే వరస. అందులో రూపాయి దాటిన అంకె కనిపిస్తే బిల్లు పక్కకు పోతుంది, ట్యాలీకి వెళ్లదు. ఒక్కో వరసను రెండు ఫార్ములాలు తనిఖీ చేస్తాయి. షీట్ కాలమ్‌లలో G పరిమాణం, H రేటు, I డిస్కౌంట్ శాతం, J పన్ను పడే విలువ, K పన్ను శాతం, L పన్ను:

```
=ROUND(G2*H2*(1-I2/100)-J2,2)
=ROUND(J2*K2/100-L2,2)
```

రెండూ సున్నా రావాలి. ఒకటి రెండు పైసలు వస్తే భయం లేదు. కొందరు పన్నును వరసకొకసారి రౌండ్ చేస్తారు, కొందరు రేటుకొకసారి చేస్తారు. ఆ తర్వాత ఒక్కో రేటు కింద వరసల మొత్తం, బిల్లు అడుగున ఉన్న పన్ను పట్టికతో కలవాలి. టోటల్ చూసేది అన్నిటికంటే చివర. ఈ క్రమంలో వెళ్తే పై బిల్లు రెండో మెట్టులోనే దొరికిపోయేది: వరసల్లో 18 శాతం విలువ 11,520, పట్టికలో 12,120.

పన్ను కోడ్‌లో L అంటే మన రాష్ట్రంలోనే కొన్నది. దానికి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ సమానంగా ఉంటాయి. ఒడిశాలోని బరంపురం నుంచి వచ్చే సరుకుకు I18, అంటే వేరే రాష్ట్రం నుంచి కొన్నప్పుడు పడే ఐజీఎస్టీ. అమ్మినవారి జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు ఆంధ్రప్రదేశ్‌కు 37, ఒడిశాకు 21. 21తో మొదలైన నంబరు పక్కన సీజీఎస్టీ కనిపిస్తే, ఏదో ఒక గడిని తప్పు చదివామని మొదట అనుమానించాలి. ఇంకోటి, బిల్లు మీద మన దుకాణం నంబరు కూడా ఉంటుంది. దాన్నే అమ్మినవారి నంబరుగా ఎక్కించిన రోజులు మాకూ ఉన్నాయి.

అపోహ: ఒక్కో బిల్లు ఒక్కో తీరులో ఉండటమే అసలు కష్టం.

వాస్తవం: గడులు ఎక్కడున్నాయో కనిపెట్టడం కంటికి రెండు నిమిషాల పని. ఒకే పేరున్న గడిలో వేర్వేరు అర్థాలు ఉండటం దానికంటే ప్రమాదం.

‘రేట్’ అని ఉంటుంది. ఒకరి బిల్లులో అది పన్నుకు ముందు ధర, ఇంకొకరి బిల్లులో పన్నుతో కలిపిన ధర. ‘అమౌంట్’ డిస్కౌంట్‌కు ముందుదో తర్వాతదో తెలియదు. ‘డిస్క్ 10’ అంటే పది శాతమా, పది రూపాయలా?

దీనికి గుణకారమే మందు. ఇంకో డీలరు నుంచి అవే స్ప్రింక్లర్లు వచ్చాయి: 25, రేటు 189, అమౌంట్ 4,500. కానీ 25 ఇంటూ 189 అంటే 4,725. అమౌంట్ తగ్గింది, డిస్కౌంట్ గడి ఖాళీ. 4,725ని 1.05తో భాగిస్తే సరిగ్గా 4,500 వచ్చింది. అంటే ఆ డీలరు రేటు గడిలో పన్ను కలిపే రాస్తాడు. దీన్ని డిస్కౌంట్ అనుకుని 225 అక్కడ వేసినా వరస కలిసిపోతుంది, పన్ను కూడా కలిసిపోతుంది. తప్పు బయటపడేది తర్వాత, దుకాణదారు పాత ధరతో కొత్త ధర పోల్చుకున్నప్పుడు. రెండు డీలర్లవీ ఒకే ధర అయినా రెండోది తొమ్మిది రూపాయలు ఎక్కువగా కనిపిస్తుంది.

అందుకే సరఫరాదారు వారీగా ఒక చిన్న జాబితా పెట్టుకున్నాం. రేటు పన్నుతోనా పన్ను లేకుండానా, డిస్కౌంట్ శాతమా రూపాయలా, రవాణా ఎక్కడ రాస్తారు, రౌండాఫ్ ఎటువైపు చేస్తారు, ఈ నాలుగే. కొత్త సరఫరాదారు వస్తే మొదటి మూడు బిల్లులు చేత్తో లెక్కకట్టి ఈ నాలుగూ నింపుతాం. కానీ వాళ్లు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మారిస్తే జాబితా పనికిరాదు. ఆ సంగతి వాళ్లు మనకు చెప్పరు. ఒకే సరఫరాదారు బిల్లులు వరసగా తప్పు చూపిస్తే కారణం సాధారణంగా అదే.

అపోహ: సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఉంటే చాలు, పన్ను శాతం మనమే నింపేయొచ్చు.

వాస్తవం: నింపొద్దు, పోల్చండి. స్ప్రింక్లర్లకు కోడ్ 8424. 2025 సెప్టెంబరు 21 వరకు పన్ను 12 శాతం, 22 నుంచి 5 శాతం. కోడ్ మారలేదు, శాతం మారింది. కోడ్‌కు ఏ శాతమో రాసుకున్న మీ పట్టికలో తేదీ లేకపోతే ఆగస్టు బిల్లుకు కూడా 5 శాతం పడుతుంది. పైగా అన్ని బిల్లుల మీదా పూర్తి కోడ్ ఉండదు. టర్నోవర్ 5 కోట్లలోపు ఉన్నవారు నాలుగు అంకెలు వేస్తే సరిపోతుంది. ఆ నాలుగు అంకెల కింద వేర్వేరు రేట్ల సరుకులు ఉండొచ్చు.

షీట్‌లోకి బిల్లు మీద ఉన్న శాతమే రావాలి. మా పట్టిక చెప్పేది వేరేగా ఉంటే ఆ గడి ఎర్రగా మారుతుంది, అంతే. అప్పుడు బిల్లు తెరిచి చూస్తాం. చదవడంలో తప్పయితే దిద్దుతాం. అమ్మినవారే తప్పు రేటు వేసి ఉంటే షీట్‌లో దిద్దం, దుకాణదారుతో ఫోన్ చేయించి సరిచేసిన పత్రం అడిగిస్తాం. మనమే దిద్దేస్తే మన పుస్తకం ఒకటి, వాళ్ల రిటర్ను ఒకటి చెప్తాయి.

అపోహ: క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే, లేదా జీఎస్టీ పోర్టల్‌లో అమ్మినవారు చూపిన బిల్లుల జాబితా జీఎస్టీఆర్-2బీ దించుకుంటే, బిల్లు చదవక్కర్లేదు.

వాస్తవం: ఈ-ఇన్‌వాయిస్ క్యూఆర్‌లో ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం, ఎన్ని వరసలు, ప్రధాన సరుకు హెచ్‌ఎస్‌ఎన్, ఆ ఇన్‌వాయిస్ గుర్తింపు నంబరైన ఐఆర్‌ఎన్ వివరాలు ఉంటాయి. వరసలు ఉండవు. 2బీలోనూ సరుకుల వివరాలు రావు. అయితే ‘ఎన్ని వరసలు’ అన్న అంకె మాకు బాగా పనికొస్తుంది. రెండు పేజీల బిల్లులో రెండో పేజీ ఫొటో తీయడం మర్చిపోతే అక్కడే దొరుకుతుంది. 2బీని పన్ను మొత్తాలు సరిచూసుకోవడానికి వాడతాం. నరసన్నపేట బిల్లును ముందే అందులో చూసి ఉంటే 108 తేడా మా కంటే ముందు దుకాణదారుకి దొరికేది కాదు.

అపోహ: సరిగ్గా చదివి ఎక్సెల్‌లో పెడితే అది అలాగే ఉంటుంది.

వాస్తవం: పలాస జీడిపప్పు బిల్లు ఒక్కటి అతికించి చూడండి. జీడిపప్పు కోడ్ 0801. ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని 801 చేస్తుంది. 11-25 అన్న బిల్లు నంబరు తేదీగా మారిపోతుంది. బిల్లు నంబరు పదహారు అక్షరాల దాకా ఉండొచ్చు. అవన్నీ అంకెలే అయితే ఎక్సెల్ పదిహేను అంకెలే గుర్తుపెట్టుకుని పదహారోదాన్ని సున్నా చేస్తుంది. ఆ నంబరు 2బీతో కలవదు. అక్కడ బిల్లు కనిపిస్తున్నా ఇక్కడ ‘లేదు’ అని వస్తుంది.

కోడ్, బిల్లు నంబరు గడులను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే అతికించాలి. అతికించాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు, బిల్లు మళ్లీ తీయాల్సిందే.