షేరు పాత ధరకు తిరిగొచ్చినా డబ్బు రాలేదు: అప్పుతో పెట్టుబడి, అపోహలు - వాస్తవాలు

నేను ఒక బ్రోకరేజీలో రిస్క్ డెస్క్‌లో పని చేస్తాను. మార్కెట్ గట్టిగా పడ్డ రోజున ఎవరెవరి ఖాతాల్లో షేర్లు అమ్మేయాలో ఆ జాబితా తయారయ్యేది మా దగ్గరే. అందులో ఎక్కువ భాగం ఎంటీఎఫ్ ఖాతాలు. ఎంటీఎఫ్ అంటే మార్జిన్ ట్రేడింగ్ ఫెసిలిటీ: షేరు కొనడానికి కొంత డబ్బు మీరు పెడతారు, మిగతాది బ్రోకర్ వడ్డీకి ఇస్తాడు. కొన్న షేర్లు మీ డీమ్యాట్‌లోనే కనిపిస్తాయి కానీ ప్లెడ్జ్‌లో, అంటే బ్రోకర్ దగ్గర తాకట్టులో ఉంటాయి. ఆ ప్లెడ్జ్‌కు ఓటీపీ కొట్టి ఒప్పుకునేది మీరే.

కింద అంతా ఒకే లెక్కతో చెబుతాను. మీ దగ్గర లక్ష రూపాయలున్నాయి. బ్రోకర్ 3 లక్షలు ఇచ్చాడు. షేరు 400 చొప్పున 1,000 షేర్లు కొన్నారు. వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం.

అపోహ: లాభం నాలుగు రెట్లు, నష్టం నాలుగు రెట్లు. లెక్క సమానమే కదా.

సమానం కాదు, మధ్యలో వడ్డీ ఉంది. మూడు నెలలు ఉంచారనుకోండి, వడ్డీ 11,250. షేరు 10 శాతం పెరిగితే వచ్చేది 40,000. వడ్డీ పోను చేతిలో మిగిలేది 28,750. అదే 10 శాతం పడితే పోయేది 51,250, అంటే మీ లక్షలో సగానికి పైనే. షేరు కదలకుండా ఉన్నా 11,250 పోయినట్టే. సొంత డబ్బుతో కొన్నవాడికి కదలని షేరు విసుగు తెప్పిస్తుంది, అంతే. అప్పుతో కొన్నవాడికి అది రోజూ ఖర్చు. ఏడాది పాటు ఉంచితే షేరు 11.25 శాతం పెరిగాకే మీ లక్ష మీకు మిగులుతుంది.

అపోహ: మంచి కంపెనీ షేరు. పడినా మళ్లీ లేస్తుంది, ఓపిక పడితే చాలు.

నాకు ఎక్కువగా వినిపించే మాట ఇదే. కంపెనీ గురించి వాళ్ల అంచనా చాలాసార్లు కరెక్టే. కానీ ఓపిక పట్టాలా వద్దా అనేది ఇక మీ చేతిలో ఉండదు.

ఖాతాలో ఉన్న షేర్ల విలువలో కనీసం 20 శాతం మీ సొంత డబ్బు ఉండాలని నిబంధన అనుకుందాం. మొదట్లో మీ వాటా 25 శాతం. షేరు 375కు దిగితే షేర్ల విలువ 3.75 లక్షలు, అప్పు 3 లక్షలు, మీ వాటా 75,000, సరిగ్గా 20 శాతం. అంటే 25 రూపాయలు, 6.25 శాతం పడేసరికే గీత మీదకు వచ్చేశారు. ఆ కిందకు ఏ కొంచెం దిగినా మార్జిన్ కాల్ వస్తుంది, అంటే తగ్గిన మేరకు డబ్బు వేయమని కబురు.

మీరు డబ్బు వేయలేదు. షేరు 320కి పడింది. ఇప్పుడు షేర్ల విలువ 3.2 లక్షలు, అందులో మీది 20,000 మాత్రమే. ఆ 20,000కు లక్ష రూపాయల షేర్లే ఉంచుకోవచ్చు. కాబట్టి మేము 688 షేర్లు 320కి అమ్మేస్తాం. వచ్చిన 2,20,160 అప్పుకు జమ అవుతుంది. మీకు 312 షేర్లు మిగులుతాయి, 79,840 అప్పు మిగులుతుంది.

మరుసటి నెల షేరు మళ్లీ 400కి వచ్చింది. మీరన్నట్టే జరిగింది! సొంత డబ్బుతో కొన్న మీ పక్కింటాయనకు నష్టం సున్నా. మీ 312 షేర్ల విలువ 1,24,800. అప్పు తీసేస్తే 44,960. ఇంకా వడ్డీ లెక్కలోకి తీసుకోకుండానే 55,040 పోయింది. షేరు లేచేటప్పటికి ఆ 688 షేర్లు మీ దగ్గర లేవు.

అందుకే, చివరికి ధర ఎక్కడికి చేరుతుందన్న ప్రశ్న ఒక్కటే చాలదు. దారిలో ఎంత లోతుకు దిగుతుంది, ఆ లోతులో మీ దగ్గర వేయడానికి డబ్బు ఉంటుందా అన్నది ముందే చూసుకోవాలి.

అపోహ: అమ్మే ముందు ఫోన్ చేస్తారు, టైమ్ ఇస్తారు.

మెసేజ్, ఈమెయిల్ వస్తాయి. గడువు ఎంతో మీరు ఒప్పుకున్న షరతుల్లో ఉంటుంది, మార్కెట్ బాగా పడుతుంటే అదీ చాలా తక్కువే. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఆ 20 శాతం ఎప్పటికీ 20గానే ఉండదు. ఊగిసలాట పెరిగితే ఎక్స్ఛేంజీ లెక్కగట్టే మార్జిన్ పెరుగుతుంది, బ్రోకర్ కూడా పెంచుతాడు. రేపు దాన్ని 25 చేస్తే, షేరు 399 దగ్గర ఉన్నా మీకు కాల్ వస్తుంది. ధర దాదాపు కదల్లేదు, అయినా టెన్షన్ మొదలైంది.

కొనే ముందే ఈ లెక్క వేసుకోండి: అప్పును షేర్ల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని 0.80తో భాగిస్తే కాల్ వచ్చే ధర తెలుస్తుంది. ఇక్కడ 300ను 0.80తో భాగిస్తే 375. తర్వాత 0.75తోనూ, 0.70తోనూ భాగించి చూడండి: నిబంధన 25, 30 శాతానికి పెరిగితే కాల్ వచ్చే ధర మీరు కొన్న ధరకు, ఆ పైకి చేరిపోతుంది. 20 శాతం నిబంధన ఉన్నా 6.25 శాతం పడితే చాలు, ఆ షేరు గత ఏడాదిలో అంత ఎన్నిసార్లు పడిందో చార్టులో కనిపిస్తుంది.

అపోహ: ఎంత పోయినా నేను పెట్టిన లక్షే కదా.

హైదరాబాద్ వాళ్లకు 2009 జనవరి 7 గుర్తుండే ఉంటుంది. సత్యం చైర్మన్ రామలింగరాజు ఖాతాల్లో మోసం జరిగిందని లేఖలో ఒప్పుకున్న రోజు. షేరు ముందురోజు 179 దగ్గర ముగిసింది, ఆ రోజు 40 దగ్గర ముగిసింది. మన లెక్కలో 4 లక్షల రూపాయలు పెట్టి ముందురోజు ధరకు కొన్న షేర్లు సత్యంవే అయితే సాయంత్రానికి వాటి విలువ 90 వేల లోపు. అప్పు మాత్రం 3 లక్షలు అలాగే ఉంది. లక్ష పోగా ఇంకో 2.1 లక్షలు మీరు బ్రోకర్‌కు బాకీ. చిన్న షేర్లలో ఇంకో రకం ఇబ్బంది: లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు ధర పడగల చివరి హద్దు తగిలితే కొనేవాడే ఉండడు, మేము అమ్మాలన్నా అమ్మలేం.

ప్రమోటర్లకూ ఇదే గతి. సత్యం ప్రమోటర్లు తమ షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు. 2008 డిసెంబర్‌లో మేటాస్ కంపెనీలను కొనాలన్న ప్రయత్నం బెడిసికొట్టి షేరు పడ్డప్పుడు, అప్పిచ్చినవాళ్లు ఆ షేర్లను మార్కెట్లో అమ్మేశారు. ఆ తర్వాతే ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల వివరాలు బయటపెట్టాలని సెబీ నిబంధన తెచ్చింది. ఇప్పుడు ఎక్స్ఛేంజీ సైట్లలో ఎవరైనా చూడొచ్చు. షేరు కొనే ముందు ఆ అంకె చూడనివాళ్లే ఎక్కువ.

అపోహ: అప్పంటే అప్పే, హోమ్ లోన్ అయినా ఇదైనా ఒకటే.

హోమ్ లోన్‌లో కూడా మీది కొంత, బ్యాంకుది ఎక్కువ. కానీ ఈఎంఐ సరిగ్గా కడుతున్నంతకాలం, కాలనీలో ఫ్లాట్ల ధరలు పడ్డాయని బ్యాంకు సాధారణంగా మధ్యలో డబ్బు అడగదు. ఇంటి ధరను ఎవరూ రోజూ లెక్కగట్టరు కూడా.

వ్యాపారంలో రెండు రకాలూ ఉంటాయి. మిషన్ కొనడానికి తీసుకున్న టర్మ్ లోన్ వాయిదాల మీద నడుస్తుంది. గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి మీద తెచ్చిన అప్పు ఎంటీఎఫ్‌కు దగ్గరి చుట్టం. సరుకు విలువలో కొంత భాగమే అప్పుగా వస్తుంది. క్వింటా ధర దిగితే ఆ తేడా కట్టమనో, సరుకు అమ్మి అప్పు తీర్చమనో అడుగుతారు. పైగా ధర పడితే అందరికీ ఒకేసారి పడుతుంది కాబట్టి డబ్బు కట్టమన్న కబురు కూడా అందరికీ ఒకేసారి వస్తుంది. డబ్బు కట్టలేనివాళ్లు సరుకు ఒక్కసారిగా యార్డుకు తెస్తే ధర ఇంకా దిగుతుంది, నిన్నటిదాకా ఇబ్బంది లేనివాళ్లకు కూడా అప్పుడు కబురు వస్తుంది.