ఒక కాయకు ఎన్ని పాలు?

కొబ్బరి పాల అన్నానికి 'ఒక కొబ్బరికాయ' అని రాసేస్తారు. ఏ సైజు కాయో మాత్రం చెప్పరు. పీచు తీసిన ముదురు కాయ అరకిలో తూగితే అందులో పెంకు సుమారు పావు వంతు, నీళ్ళు పావు వంతు, కొబ్బరి సగం. అంటే చేతికొచ్చేది 250 గ్రాముల పచ్చి కొబ్బరి. తురిమి కప్పులో అదమకుండా పోస్తే దాదాపు మూడు కప్పులవుతుంది. అదిమి నింపితే రెండు కప్పులే రావచ్చు, అందుకే తురుమును తూచుకోవడమే నయం.

ఇక పాలు. నిజానికి 'ఎన్ని పాలు' అన్న ప్రశ్నే సరైంది కాదు, ఎందుకంటే ఎన్ని నీళ్ళు పోస్తే అన్ని పాలు వస్తాయి. మారకుండా ఉండేది కొవ్వు. పచ్చి కొబ్బరిలో అది మూడో వంతు, అంటే మన 250 గ్రాముల్లో 80 గ్రాముల పైచిలుకు. మిక్సీలో తిప్పి గుడ్డలో పిండితే అందులో కొంతే పాలలోకి దిగుతుంది, మిగతాది పిప్పిలోనే ఉండిపోతుంది. వేడినీళ్ళు ఎందుకంటారో ఇక్కడే తెలుస్తుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన తురుమును చల్లటి నీళ్ళతో పిండితే పాలు పల్చగా వస్తాయి. చెయ్యి పట్టగలిగే వేడి చాలు.

250 గ్రాముల తురుముకు ముందు ముప్పావు గ్లాసు గోరువెచ్చటి నీళ్ళు పోసి పిండితే ఒక గ్లాసుకు అటూ ఇటూగా చిక్కటి పాలొస్తాయి (గ్లాసంటే 200 మిల్లీలీటర్లు). అదే పిప్పికి మళ్ళీ గ్లాసుంపావు నీళ్ళు పోస్తే దాదాపు అన్ని పల్చటి పాలు దిగుతాయి. మొత్తం రెండు గ్లాసుల పైన. మూడోసారి పిండొచ్చు గానీ, వచ్చేది తెల్లనీళ్ళే.

నలుగురికి రెండు గ్లాసుల బియ్యం, నాలుగు గ్లాసుల ద్రవం అనుకుందాం. రెండు గ్లాసులు పాలు, రెండు గ్లాసులు నీళ్ళు. ఇరవై మందికైతే అయిదింతలు కావాలి, అంటే 1,250 గ్రాముల కొబ్బరి. ఇక్కడ 'అయిదు కాయలు' అని తెచ్చుకుంటే చిక్కే. బజారులో దొరికినవి చిన్నవై కాయకు 180 గ్రాములే వస్తే ఏడు కాయలు కావాలి. కొట్టిన మొదటి కాయ కొబ్బరిని తూచి, దాన్నిబట్టి మిగతా కాయలు లెక్కేసుకోవాలి. లేత కాయలైతే తూకం సరిపోయినా కొవ్వు తక్కువ, పాలు చప్పగా ఉంటాయి.

ద్రవాన్ని మాత్రం కచ్చితంగా అయిదింతలు చేయకండి. పెద్ద గిన్నెలో ఆవిరయ్యేది ఆ లెక్కన పెరగదు, అన్నం ముద్దవుతుంది. ఇరవై గ్లాసులకు బదులు పద్దెనిమిదితో మొదలుపెట్టి, కావాలంటే చివర్లో వేడినీళ్ళు చిలకరించుకోవచ్చు. తగ్గించేది నీళ్ళనే, పాలను కాదు.